రివార్డ్-రిస్క్ నిష్పత్తి, గెలుపు శాతం

స్టాక్ మార్కెట్‌లో ఏ ట్రేడైనా మూడు ధరల మీద నిలబడుతుంది. ఎక్కడ కొంటాం, అంచనా తప్పితే ఎక్కడ అమ్మి బయటపడతాం, అంచనా నిజమైతే ఎక్కడ లాభం బుక్ చేస్తాం. మొదటిది ఎంట్రీ, రెండోది స్టాప్ లాస్, మూడోది టార్గెట్. ఎంట్రీ నుంచి టార్గెట్ దాకా ఉన్న దూరాన్ని ఎంట్రీ నుంచి స్టాప్ దాకా ఉన్న దూరంతో భాగిస్తే వచ్చేదే రివార్డ్-రిస్క్ నిష్పత్తి. దీన్ని కొందరు 1:3 అని రిస్క్ ముందు పెట్టి రాస్తారు, కొందరు 3 అని ఊరుకుంటారు. ఈ వ్యాసంలో 3 అంటే, రూపాయి పోయే ప్రమాదానికి ఎదురుగా మూడు రూపాయల లాభం ఆశిస్తున్నామని అర్థం.

ఈ లెక్క ట్రేడ్‌లోకి దిగకముందే చేయాలి. కొన్న తర్వాత ధర ఎటు కదిలితే మనసు అటు పోతుంది. పడుతుంటే స్టాప్ కిందికి జరుగుతుంది, కాస్త పెరగగానే టార్గెట్ దగ్గరికొస్తుంది. అప్పుడు చేసే లెక్క అప్పటికే తీసుకున్న నిర్ణయాన్ని సమర్థించడానికి మాత్రమే పనికొస్తుంది.

నిష్పత్తి చూసినంత మాత్రాన ట్రేడ్ మంచిదో చెడ్డదో తేలదు. ఇలాంటి ట్రేడ్లు వంద చేస్తే నష్టపోకుండా ఉండడానికి ఎన్ని గెలవాలో మాత్రం తేలుతుంది. సూత్రం చిన్నది:

కావలసిన కనీస గెలుపు శాతం = రిస్క్ ÷ (రిస్క్ + రివార్డ్)

నిష్పత్తి 1 అయితే వందకు 50 గెలవాలి. 2 అయితే 33, 3 అయితే 25 చాలు. సగమే అయితే, అంటే రెండు రూపాయల రిస్క్‌కు రూపాయి లాభమైతే, 67 గెలిస్తేగానీ అసలు నిలవదు.

ఒక ట్రేడ్ లెక్క

ఒక షేరు కొన్ని వారాలుగా 470కీ 500కీ మధ్య తిరుగుతోందనుకుందాం. 500 దాటి ముగిసింది. ట్రేడర్ 502 దగ్గర కొని కొన్ని రోజులు ఉంచుకుందామనుకున్నాడు. ఇటీవలి చిన్న పతనం 485 దగ్గర ఆగింది కాబట్టి స్టాప్ 484. పైన గతంలో అమ్మకాలు గట్టిగా వచ్చిన చోటు 560 దాపుల్లో ఉంది, అందుకని టార్గెట్ 556. రిస్క్ 18 రూపాయలు, రివార్డ్ 54. కాగితం మీద నిష్పత్తి సరిగ్గా 3. చార్టింగ్ యాప్‌లో పొజిషన్ టూల్ గీసినా ఇదే అంకె చూపిస్తుంది.

చేతికొచ్చేది మాత్రం ఇంత ఉండదు. డెలివరీ ట్రేడ్‌లో కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం సెక్యూరిటీస్ లావాదేవీల పన్ను పడుతుంది. కొనుగోలు మీద 0.015 శాతం స్టాంప్ డ్యూటీ, పైన ఎక్స్ఛేంజ్ రుసుము, అమ్మిన రోజు డీమ్యాట్ నుంచి షేర్లు తీసినందుకు డీపీ ఛార్జీ. వంద షేర్లకు, బ్రోకరేజీ లేదనుకున్నా, షేరుకు 1 రూపాయి 30 పైసల దాకా పోతుంది. ధర వేగంగా పడుతున్నప్పుడు స్టాప్ సరిగ్గా 484 దగ్గర అమలవుతుందన్న హామీ లేదు, ఇంకో 70 పైసలు కింద అమ్ముడుపోతుందనుకోవాలి. అప్పుడు నిజమైన రిస్క్ 20 రూపాయలు, నిజమైన రివార్డ్ 52.70. నిష్పత్తి 3 నుంచి 2.6కి దిగింది. కావలసిన గెలుపు శాతం 25 నుంచి 28కి పెరిగింది.

ఎన్ని షేర్లు కొనాలో కూడా ఈ రిస్కే చెబుతుంది. ట్రేడర్ పెట్టుబడి 2 లక్షలు, ఒక్కో ట్రేడ్‌లో 1 శాతానికి మించి పోగొట్టుకోకూడదన్నది అతని నియమం అనుకుందాం. అంటే 2,000 రూపాయలు. దాన్ని 20తో భాగిస్తే 100 షేర్లు. ఈ 2,000 అతనికి ఈ ట్రేడ్‌లో ఒక యూనిట్. ట్రేడర్లు దీన్ని ‘ఒక ఆర్’ అంటారు. లాభమైనా నష్టమైనా ఆర్‌లలో రాసుకుంటే, 50 రూపాయల షేరునూ 5,000 రూపాయల షేరునూ ఒకే కొలతతో పోల్చవచ్చు.

ఇప్పుడు ఇదే షేరును ఇంకొకరు గంట ఆలస్యంగా చూశారు. ధర అప్పటికే 514. బాగా లేస్తోంది, వదిలేస్తే పోతుందేమోనని కొన్నారు. స్టాప్ అదే 484, టార్గెట్ అదే 556. ఖర్చులు కలుపుకుంటే రిస్క్ 32 రూపాయలైంది, రివార్డ్ 40.70కి తగ్గింది. నిష్పత్తి 1.27, కావలసిన గెలుపు శాతం 44. షేరు గురించి ఇద్దరి అంచనా ఒకటే, అది నిజమయ్యే అవకాశం కూడా దాదాపు ఒకటే. పన్నెండు రూపాయల తేడాతో ఒకరికి వందలో 28 గెలిస్తే సరిపోతుంది, ఇంకొకరికి 44 కావాలి. ‘మంచి షేరు’ అన్న మాటకు ట్రేడింగ్‌లో ధర లేకుండా అర్థం లేకపోవడానికి కారణం ఇదే.

ఈ లెక్కను ఎవరైనా తమకు నచ్చినట్టు వంచుకోవచ్చు. కనీసం 2 లేనిదే ట్రేడ్ చేయనని నియమం పెట్టుకున్న మనిషి, నిష్పత్తి 1.27 వచ్చినప్పుడు టార్గెట్‌ను 556 నుంచి 580కి జరిపేస్తాడు. లేదా స్టాప్‌ను 484 నుంచి 500కి తెస్తాడు. అంకె అందంగా వస్తుంది, మార్కెట్‌లో మాత్రం ఏమీ మారలేదు. 560 దగ్గర అమ్మేవాళ్లు అక్కడే ఉన్నారు. ఆ షేరు మామూలు రోజున పద్నాలుగు పదిహేను రూపాయలు అటూ ఇటూ ఊగేదైతే, 500 దగ్గర పెట్టిన స్టాప్ ఆ ఊపుకే తగులుతుంది. స్టాప్, టార్గెట్ రెండూ చార్టు నుంచి రావాలి, నిష్పత్తి వాటి నుంచి రావాలి. ఈ వరుస తిరగబడితే ఆ అంకెకు విలువ లేదు.

గెలుపు శాతం ఎందుకు మోసం చేస్తుంది

‘మా కాల్స్‌లో 80 శాతం సక్సెస్’ అనే ప్రకటన వినగానే చాలామందికి నమ్మకం కలుగుతుంది. బడిలో 80 మార్కులు వచ్చినవాడు 35 వచ్చినవాడికన్నా మేలన్న అలవాటు మనల్ని వదలదు. పరీక్షలో ప్రతి ప్రశ్నకూ దాదాపు ఒకే మార్కులు. ట్రేడింగ్‌లో ఒక్కో తప్పుకు పోయేది వేరు, ఒక్కో ఒప్పుకు వచ్చేది వేరు.

వంద ట్రేడ్లలో 80 గెలిచి, గెలిచినప్పుడల్లా 1,000 రూపాయలు తీసుకుని, ఓడిన 20 సార్లూ 5,000 చొప్పున పోగొట్టుకున్న ట్రేడర్ 80,000 సంపాదించి లక్ష పోగొట్టుకున్నాడు. 35 మాత్రమే గెలిచి, గెలిచినప్పుడు 3,000 తీసుకుని, ఓడినప్పుడు 1,000తో బయటపడ్డవాడికి 1,05,000 వచ్చి 65,000 పోయాయి. మొదటివాడికి 20,000 నష్టం, రెండోవాడికి 40,000 లాభం. సగటున ట్రేడ్‌కు ఎంత మిగిలిందన్న ఈ లెక్కను ఎక్స్‌పెక్టెన్సీ అంటారు. గెలుపు శాతాన్ని సగటు లాభంతో గుణించి, ఓటమి శాతాన్ని సగటు నష్టంతో గుణించి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేయడమే. ఆశించే విలువ అన్న ఈ ఆలోచనను 1657లో క్రిస్టియాన్ హైగెన్స్ జూదపు లెక్కల మీద రాసిన చిన్న గ్రంథంలోనే చూడవచ్చు.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. అంతగా తెలియని సంగతి ఇంకొకటి ఉంది. గెలుపు శాతాన్ని ఏ నైపుణ్యమూ లేకుండా కావలసినంత తయారుచేసుకోవచ్చు.

ధర ఎటు పోతుందో మనకు ఏమాత్రం తెలియదని, పైకీ కిందికీ సమాన అవకాశం ఉందని అనుకుందాం. అప్పుడు స్టాప్‌కన్నా ముందు టార్గెట్ తగిలే అవకాశం స్టాప్ దూరాన్ని రెండు దూరాల మొత్తంతో భాగిస్తే వస్తుంది. 18 రూపాయల కింద స్టాప్, 54 రూపాయల పైన టార్గెట్ పెడితే కళ్లు మూసుకుని కొన్నా 25 శాతం గెలుస్తాం. టార్గెట్‌ను 6 రూపాయలకు తగ్గిస్తే 75 శాతం గెలుస్తాం. 2 రూపాయలకు తగ్గిస్తే 90 శాతం. ఏ షేరు కొనాలో బొమ్మాబొరుసు వేసి నిర్ణయించినా ఇంతే.

ఇప్పుడు ఫోన్‌కు వచ్చే ఒక టిప్ చూడండి. ఇవి సాధారణంగా ఈ రూపంలో ఉంటాయి:

```
BUY ABOVE 502  SL 484  TGT 508 / 520 / 556
```

మూడు టార్గెట్లు ఎందుకంటే, సాయంత్రం లెక్క చెప్పేటప్పుడు 508 తగిలినా ‘టార్గెట్ హిట్’ అని రాసుకోవచ్చు. మొదటి టార్గెట్ 6 రూపాయల దూరం, స్టాప్ 18 రూపాయల దూరం. ఏ విశ్లేషణా లేకుండా వందలో 75 సార్లు మొదటి టార్గెట్ తగులుతుంది. పెట్టిన ప్రకటన అబద్ధం కాకపోవచ్చు, నిజంగానే 75 శాతం సక్సెస్. అయితే 508కి అమ్మినవాడు 6 రూపాయల కోసం 18 పణం పెట్టాడు, నిష్పత్తి మూడో వంతు, సరిగ్గా 75 శాతం గెలిస్తేనే ఖర్చులకు ముందు సున్నా. 556 కోసం ఆగినవాడికి ఆ 75 శాతం వర్తించనే వర్తించదు. టిప్ ఇచ్చేవాళ్లు గెలుపును మొదటి టార్గెట్‌తో లెక్కిస్తారు, లాభాన్ని మూడో టార్గెట్‌తో చూపిస్తారు. రెండూ ఒకే ట్రేడర్‌కు ఒకేసారి రావు.

ఇదే లెక్క ‘1:3 ఉంటే చాలు’ అనేవాళ్లకూ వర్తిస్తుంది. నిష్పత్తి 3 అయితే 25 శాతం గెలవాలి, గుడ్డిగా కొన్నా 25 శాతమే గెలుస్తాం. అంటే పెద్ద నిష్పత్తిలోనూ లాభం దానంతట అది దాగి లేదు. స్టాప్, టార్గెట్ ఎక్కడ పెట్టినా, ఎంపికలో బలం లేకపోతే సగటు సున్నా, ఖర్చులు తీసేస్తే మైనస్. ఆ ఖర్చులు చిన్నవేమీ కావు. 2024 సెప్టెంబర్‌లో సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ట్రేడ్ చేసిన కోటికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఈ ట్రేడర్లందరూ కలిసి లావాదేవీల ఖర్చుల కిందే ఆ మూడేళ్లలో సుమారు 50,000 కోట్ల రూపాయలు కట్టారు.

అందుచేత చూడవలసింది రెంటి మధ్య ఎడం. నిష్పత్తి అడుగుతున్న కనీస గెలుపు శాతం ఎంత, ఇలాంటి ట్రేడ్లలో నా పాత రికార్డు చూపిస్తున్న గెలుపు శాతం ఎంత. మన 502 ట్రేడ్ 28 అడుగుతోంది. ఇదే తరహా బ్రేకవుట్ ట్రేడ్లలో ఆ ట్రేడర్ గతంలో 35 శాతం గెలిచి ఉంటే ఎడం ఉంది. సగటున ప్రతి ట్రేడ్‌కు 0.27 ఆర్, అంటే సుమారు 545 రూపాయలు మిగులుతాయని ఆశించవచ్చు. 514 దగ్గర కొన్నవాడికి అదే 35 శాతం నష్టమే తెస్తుంది.

ఎక్కువ గెలుపులు, ఒక పెద్ద ఓటమి

గెలుపు శాతం మనుషుల్ని అన్నిటికన్నా ఎక్కువగా మోసగించేది ఆప్షన్ల అమ్మకంలో. ప్రస్తుత ధరకు చాలా దూరంలో ఉన్న పుట్ ఆప్షన్ అమ్మితే, ఎక్కువ వారాలు అది విలువ లేకుండా ముగుస్తుంది, తీసుకున్న ప్రీమియం మిగులుతుంది. లాభానికి పైన హద్దు ఉంది, అది ప్రీమియం. నష్టానికి హద్దు చాలా కింద ఉంది.

2024 జూన్ 3న, ఎగ్జిట్ పోల్స్ ఊపులో, నిఫ్టీ 23,263.90 దగ్గర ముగిసింది. దానికి సుమారు వెయ్యి పాయింట్ల కింద, 22,300 పుట్‌ను వారం వారం అమ్మే అలవాటున్న ఒక ఊహా ట్రేడర్‌ను తీసుకుందాం. మామూలు వారాల్లో అతనికి 30 పాయింట్లు వస్తాయి, ఫలితాల వారం కాబట్టి ఈసారి 100 వచ్చాయనుకుందాం. మర్నాడు లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడుతుంటే నిఫ్టీ దాదాపు 6 శాతం పడి 21,884.50 దగ్గర ముగిసింది. ఆ ముగింపు దగ్గర ఆ పుట్ విలువ కనీసం 415 పాయింట్లు. నష్టం కనీసం 315, అంటే పది మామూలు వారాల సంపాదన. పగటిపూట సూచీ 21,300 కిందికి కూడా వెళ్లింది. ఆ క్షణంలో బయటపడవలసి వచ్చినవాడికి పోయింది ముప్పై వారాల సంపాదన.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. జూన్ 6 ఎక్స్‌పైరీ నాటికి నిఫ్టీ మళ్లీ 22,800 దాటింది. ఆ పుట్‌ను అలాగే పట్టుకున్నవాడికి ప్రీమియం మొత్తం మిగిలేది, అతని గెలుపు శాతం చెక్కుచెదరకుండా ఉండేది. కానీ 4న మార్జిన్ చాలకపోతే బ్రోకర్ పొజిషన్ మూసేస్తాడు, ఎక్స్‌పైరీ దాకా ఆగే అవకాశం ట్రేడర్ చేతిలో ఉండదు. రికార్డులో గెలుపుగా కనిపించే ట్రేడ్ ఎంత ప్రమాదం దాటి గెలిచిందో ఆ గెలుపు శాతం చెప్పదు.

విదేశాల్లో దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ విక్టర్ నీడర్‌హాఫర్. ఎన్నో ఏళ్లు మంచి రాబడి చూపించిన ఫండ్ మేనేజర్. 1997లో థాయిలాండ్ బ్యాంకు షేర్లలో అప్పటికే దెబ్బతిన్నాడు. ఎస్ అండ్ పీ 500 సూచీ మీద పుట్ ఆప్షన్లు అమ్మి ఉన్న సమయంలో అక్టోబర్ 27న అమెరికా మార్కెట్ ఒక్కరోజులో 7 శాతం దాకా పడింది. ఆ దెబ్బతో ఫండ్ మూతపడింది.

నష్టాన్ని సగటు చేసుకుంటూ పోయే పద్ధతిదీ ఇదే దారి. షేరు పడిన ప్రతిసారీ రెట్టింపు కొని, కాస్త లేవగానే అమ్మేస్తే చాలా ట్రేడ్లు లాభంతోనే ముగుస్తాయి. లేవని ఒక్క షేరు లెక్క మొత్తం తారుమారు చేస్తుంది.

తక్కువ గెలుపుల కష్టం

35 శాతం గెలిచే పద్ధతి లెక్క ప్రకారం లాభదాయకమే అయినా దాన్ని పాటించడం మనిషికి కష్టం. వందలో 65 సార్లు ఓడే పద్ధతిలో, వంద ట్రేడ్లు చేసే లోపు ఎక్కడో ఒకచోట వరుసగా పది ఓటములు వచ్చే అవకాశం మూడో వంతు ఉంటుంది. పద్ధతి చెడిపోలేదని తెలిసినా, పదకొండో ట్రేడ్‌కు చేయి రాదు. ఒక్కో ట్రేడ్‌కు రిస్క్ 1 శాతమైతే పది ఓటములకు పెట్టుబడి 10 శాతం లోపే తగ్గుతుంది. 5 శాతమైతే 40 శాతం కరిగిపోతుంది, దాన్ని తిరిగి తేవాలంటే మిగిలిన సొమ్ము మీద 67 శాతం సంపాదించాలి.

ఇంకో ఇబ్బంది, ముందు వేసుకున్న నిష్పత్తికీ చివరికి దక్కిన నిష్పత్తికీ పొంతన లేకపోవడం. లాభంలో ఉన్నదాన్ని తొందరగా అమ్మేసి, నష్టంలో ఉన్నదాన్ని పట్టుకుని కూర్చునే గుణాన్ని 1985లో షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే పరిశోధకులు వివరించారు. 1998లో టెరెన్స్ ఓడియన్ అమెరికాలో ఒక బ్రోకరేజీ సంస్థకు చెందిన పదివేల ఖాతాలు పరిశీలించి, మదుపరులు నష్టపు షేర్లకన్నా లాభపు షేర్లను చాలా ఎక్కువ పాళ్లలో అమ్ముతున్నారని చూపించాడు. మన ఉదాహరణలో 502కి కొన్న ట్రేడర్ 556 దాకా ఆగకుండా ప్రతిసారీ 525 దగ్గర అమ్మేస్తే, అతని నిష్పత్తి 2.6 కాదు, 1.1. గెలుపు శాతం పెరుగుతుంది, అందుకే తను మెరుగయ్యానని కూడా అనుకుంటాడు. అతనికి ఇప్పుడు కావలసింది 28 కాదు, 48. స్టాప్‌ను ఒక్కసారి కిందికి జరిపి 3 ఆర్ నష్టంతో బయటపడితే ఒక పూర్తి గెలుపు అందులోనే పోతుంది.

దీన్ని పట్టుకునే మార్గం రికార్డు ఒక్కటే. ట్రేడ్ డైరీలో రెండు గడులు పక్కపక్కన ఉండాలి, ఎంట్రీకి ముందు రాసిన నిష్పత్తి ఒకటి, మూసేశాక వచ్చిన ఆర్ ఇంకొకటి. గెలిచిన ట్రేడ్ల సగటు అనుకున్న నిష్పత్తికి బాగా తక్కువగా ఉంటే తొందరగా అమ్ముతున్నట్టు. ఓడిన ట్రేడ్ల సగటు 1 ఆర్ దాటి ఉంటే స్టాప్ పాటించనట్టు, లేదా ఖర్చులు తక్కువగా అంచనా వేసినట్టు. పదీ ఇరవై ట్రేడ్ల నుంచి గెలుపు శాతం గురించి గట్టిగా చెప్పలేం. వంద ట్రేడ్ల తర్వాత కూడా, అసలు సామర్థ్యం 35 శాతం ఉన్నవాడికి 30 కనిపించవచ్చు, 40 కనిపించవచ్చు.

స్టాప్ పనిచేయని చోట

ఈ లెక్క అంతా స్టాప్ దగ్గర అమ్మగలమన్న నమ్మకం మీద నిలిచి ఉంది. మార్కెట్ మూసి ఉన్నప్పుడు వార్త వస్తే ధర మెట్లు దిగినట్టు దిగదు, ఒక్కసారే కింద తెరుచుకుంటుంది. షేరు లోయర్ సర్క్యూట్‌లో చిక్కుకుంటే కొనేవాడే ఉండడు. ట్రేడింగ్ వేళల్లోనే వార్త పడ్డా ఇంతే. 2009 జనవరి 7న హైదరాబాద్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు ఖాతాల్లో తప్పుడు లెక్కలున్నాయని ఒప్పుకుంటూ రాసిన లేఖ బయటపడింది. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ రోజు 40 లోపు ముగిసింది. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ఉన్న షేరు కావడంతో సర్క్యూట్ హద్దు కూడా ఆపలేదు. 170 దగ్గర స్టాప్ పెట్టుకున్నవాడు కాగితం మీద 9 రూపాయల రిస్క్ రాసుకుని ఉంటాడు.

అంత పెద్ద పతనాన్ని ముందే లెక్కలో పెట్టడం ఎవరివల్లా కాదు. తేదీ తెలిసిన గండాలను మాత్రం పెట్టవచ్చు. మన 502 షేరు కంపెనీ త్రైమాసిక ఫలితాలు ట్రేడ్ మధ్యలో వచ్చేలా ఉంటే, గతంలో ఫలితాల మర్నాడు అది ఎంత దూరం దూకిందో చూడాలి. 460 దగ్గర తెరుచుకునే అవకాశం ఉందనిపిస్తే, స్టాప్ 484 దగ్గరే ఉంచినా రిస్క్‌ను 460తో లెక్క కట్టాలి. అప్పుడు ఖర్చులతో రిస్క్ 44 రూపాయలు, నిష్పత్తి 1.2, కావలసిన గెలుపు శాతం 45.5. అదే 2,000 రూపాయల హద్దుకు కొనగలిగేది 100 షేర్లు కాదు, 45. అతని రికార్డు 35 శాతమే కాబట్టి ఫలితాలు వెలువడేదాకా ఈ ట్రేడ్ ఆగాలి.